ఒకే విడతలో రెండు వారాల పోస్టులు: నా అనుభవం

చిన్న దుకాణాలవారు సరుకు లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్‌ను నేను ఒక్కదాన్నే తయారుచేసి అమ్ముతాను. ఆ పనితోపాటు వారానికి మూడు పోస్టులు కూడా నేనే పెట్టాలి. ఏ రోజు పోస్టు ఆ రోజు రాసినప్పుడు, రాయడం కంటే దేని గురించి రాయాలో తేల్చుకోవడానికే ఎక్కువ సమయం పోయేది. అందుకే పనిని పోస్టుల వారీగా కాకుండా దశల వారీగా విడదీశాను.

విషయాల కోసం ప్రత్యేకంగా వెతకను. కస్టమర్ అడిగిన ప్రశ్నను వారి మాటల్లోనే ఒక ఫైలులో రాసి పెట్టుకుంటాను. రెండు వారాలకొకసారి అందులోంచి రెండు ప్రశ్నలు తీసి, ఒక్కోదాని నుంచి మూడు పోస్టులు రాబడతాను. ఉదాహరణకు, "ఎక్సెల్ నుంచి పాత లెక్కలు తెచ్చాక తేదీలు తారుమారయ్యాయి" అని ఒకరు రాశారు. 03/04 అని ఉంటే ఒక కంప్యూటర్ దాన్ని ఏప్రిల్ 3గా, మరొకటి మార్చి 4గా చదువుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో చెప్పేది మొదటి పోస్టు. ఫైలు ఎక్కించే ముందు తేదీలను 2025-04-03 రూపంలోకి మార్చే పద్ధతి రెండోది. ఎక్సెల్ తేదీగా గుర్తించని గడులు మామూలుగా ఎడమవైపుకు జరిగి కనిపిస్తాయి. వాటిని పట్టుకోవడం చూపే చిన్న వీడియో మూడోది.

ఆరు పోస్టుల చిత్తుప్రతులూ ఒకే ఉదయం రాస్తాను, దిద్దను. దిద్దుబాటు మర్నాడే. రాసిన రోజే చదివితే కాగితం మీద లేనిది కూడా ఉన్నట్టే అనిపిస్తుంది. వీడియోలన్నీ మరో పూట చేస్తాను. అక్షరాలు పెద్దవి చేయడం, నోటిఫికేషన్లు ఆపడం, నమూనా ఖాతా తెరవడం అన్నిటికీ కలిపి ఒక్కసారే చేస్తే సరిపోతుంది. నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం మిగిలింది ఇక్కడే.

ఒక విడతలో ఆరు పోస్టులకు మించి రాయను. అలసట ముందుగా బయటపడేది మొదటి వాక్యాల్లో. వాటిని మాత్రమే ఒకదాని కింద ఒకటి పెట్టి చదువుతాను. రెండు ఒకేలా మొదలైతే ఆ రోజుకు రాత ఆపేస్తాను.

ఎప్పుడు వేసినా పనికొచ్చే రెండు పోస్టులను విడిగా దాచుకుంటాను. జ్వరం వచ్చినా, కోడులో పెద్ద చిక్కు వచ్చినా అవి ఆదుకుంటాయి. వాడుకుంటే తర్వాతి విడతలో ముందు ఆ లోటే పూరిస్తాను. వరుసగా రెండు విడతలు పూరించలేకపోతే వారానికి రెండు పోస్టులకు తగ్గుతాను. నెల మొత్తం ఆగిపోవడం కంటే అదే నయమని నా నమ్మకం.

వ్యాఖ్యలకు జవాబులు, ధరల మార్పు కబుర్లు మాత్రం ముందుగా రాసి ఉంచను. స్క్రీన్ బొమ్మలున్న పోస్టులకు షెడ్యూల్‌లో ఒక గుర్తు పెట్టుకుంటాను. సాఫ్ట్‌వేర్‌లో ఏ తెర మార్చినా ముందు వాటినే చూసి బొమ్మలు మారుస్తాను. సర్వీసు నిలిచిపోతే మాత్రం షెడ్యూల్ మొత్తం ఆపేసి, ఆ తర్వాతే మరమ్మతుకు కూర్చుంటాను. లాగిన్ కాలేక అవస్థ పడుతున్న కస్టమర్‌కు ఆ సమయంలో తేదీల చిట్కా కనిపించకూడదు.