మెట్ల బావుల మెయిల్: పాయింట్ల చివరి మాట మీద పని

నల్లగొండ చుట్టుపక్కల పాత మెట్ల బావులు వెతికి కొలతలు రాసుకోవడం మా సెలవు రోజుల సరదా. ఒకరు టేపు పడతారు, ఒకరు ఫోటోలు తీస్తారు, ఒకరు ఊళ్లో పెద్దమనుషులతో మాట్లాడతారు. నెలాఖరుకు ఎవరికి వాళ్లు వాట్సాప్‌లో రెండు ముక్కలు పంపుతారు. వాటిని కలిపి అందరికీ మెయిల్ రాయడం నా వంతు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అది చూసే ఆదివారం బయల్దేరాలో వద్దో తేల్చుకుంటారు.

జనవరి

వచ్చినవి ఉన్నదున్నట్టు:

- తూర్పు మెట్ల కొలతలు పూర్తి
- ఫోటోలు తీస్తున్నాం
- సర్పంచ్‌తో మాట్లాడడం జరిగింది
- సర్కారు తుమ్మ కొట్టిస్తం
- పూడిక లోతు కొలవలేదు

విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. ఒకదాని కింద ఒకటి పెడితేనే తేడా తెలుస్తుంది: ఐదింటికి ఐదు రకాల ముగింపులు. అన్నిటికన్నా తిప్పలు పెట్టింది ‘కొట్టిస్తం’. ముందు ముందు కొట్టిస్తామన్నా అదే మాట, ఎప్పుడూ కొట్టిస్తూ ఉంటామన్నా అదే మాట. తేదీ లేకపోతే చదివేవాళ్లు తమకు తోచింది అనుకుంటారు. మెయిల్ పోయిన కాసేపటికే ఒకరు అడిగారు: “కంప పోయినట్టేనా అన్నా, పిల్లలను తీస్కొని రావొచ్చా?” ‘అయిందా, కాలేదా’ అని జవాబు వచ్చిందంటే ఆ పాయింట్ ముగింపు సరిగ్గా లేదని లెక్క.

ఫిబ్రవరి

ముందు పాయింట్లను మూడు కుప్పలు చేశాను: అయినవి, నడుస్తున్నవి, చేయాల్సినవి. ఒక్కో కుప్పకు ఒక్కటే ముగింపు. అయినవాటికి ‘చేశాం’ పెట్టాలా ‘చేసినం’ పెట్టాలా అని కొంత వాదన నడిచింది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చే ఇద్దరూ ‘కొలిచినం, తీసినం’ అనే రాస్తారు, నోటికీ అదే వస్తుంది కాబట్టి మెయిల్లో మన మాటే ఖాయం చేశాం. ఏదైనా ఫర్వాలేదు గానీ ఒకే జాబితాలో రెండూ ఉంటే వేర్వేరు మనుషుల కాగితాలు అతికించినట్టు కనబడుతుంది. ‘జరిగింది’ అని వెతికి, దొరికిన ప్రతిచోటా తీసేశాను. మాట్లాడింది ఎవరో ఆ మాట చెప్పదు.

అయినవి:

- తూర్పు మెట్లు కొలిచినం
- సర్పంచ్‌తో పూడిక సంగతి మాట్లాడినం

నడుస్తున్నవి:

- పడమటి గోడ ఫోటోలు తీస్తున్నం

చేయాల్సినవి:

- వచ్చే ఆదివారంలోపు సర్కారు తుమ్మ కొట్టిస్తం
- కంప పోయినంక పూడిక లోతు కొలుస్తం

తెలుగులో క్రియ చివర ఉంటుంది కాబట్టి సరిచూసుకోవడం తేలికే. పాయింట్ల చివరి మాటలు మాత్రమే పైనుంచి కిందికి చదువుతాను: కొలిచినం, మాట్లాడినం. మధ్యలో ‘ఫోటోలు షీట్‌లోకి ఎక్కినయి’ అని వస్తే చెవికి తగులుతుంది. కాలం ఒకటే, కర్త మారింది. అక్కడ ‘ఎక్కించినం’ అంటే సరిపోతుంది.

మార్చి

‘లేదు’ దగ్గర ఆగాల్సి వచ్చింది. ‘కొలవలేదు’ అంటే పని మిగిలి ఉందా, వదిలేశామా? ముందు ‘ఇంకా’ చేరిస్తే మిగిలి ఉన్నట్టు. వదిలేస్తే ‘ఈసారి కొలవం’ అని రాసి, ఎందుకో పక్కనే చెబుతున్నాను. నీళ్లు నిండుగా ఉన్న బావిలో పూడిక లోతు తేలదు, అలాంటప్పుడు ఈ ముగింపే సరైనది. ‘ఇంకా కొలవలేదు’ అన్నది అయినవాటిలోకి రాదు, చేయాల్సినవాటిలోకి పోతుంది.

‘బావికి మూడు వైపులా మెట్లున్నయి’ లాంటివి మేం చేసిన పనులు కావు, చూసిన సంగతులు. వాటిని లాగి ‘అయినవి’లో ఇరికించకుండా, జాబితా అయిపోయాక మామూలు వాక్యాలుగా రాస్తున్నాను.

ఇంకో పద్ధతి కూడా కుదిరింది. పాత నెలలో చేయాల్సిన పని పూర్తయితే, ఆ పాయింట్‌నే పైకి జరిపి చివరి మాట మారుస్తాను, గడువు తీసేస్తాను: ‘వచ్చే ఆదివారంలోపు సర్కారు తుమ్మ కొట్టిస్తం’ కాస్తా ‘సర్కారు తుమ్మ కొట్టించినం’. మిగతా మాటలు కదపను. కొత్తగా రాస్తే అది వేరే పనేమో అనుకుంటారు.

ఏప్రిల్

ఇప్పుడు చూస్తున్నది రెండు పనులు ఒకే పాయింట్‌లో ఉన్నవి. ‘పడమటి మెట్లు కొలిచి షీట్‌లో ఎక్కిస్తం’ అని వచ్చింది. ‘కొలిచి’కి సొంత కాలం లేదు, వెనకొచ్చే క్రియ కాలమే దానికీ అంటుకుంటుంది. కొలత అప్పటికే అయిపోయిందని ఫోన్ చేస్తే గానీ తెలియలేదు. మెయిల్ అలాగే వెళ్లి ఉంటే ఇంకొకరు టేపు పట్టుకొని మళ్లీ దిగేవాళ్లు. దాన్ని విడగొట్టాను: ‘పడమటి మెట్లు కొలిచినం’ పై కుప్పలోకి, ‘పడమటి మెట్ల కొలతలు శనివారానికి షీట్‌లో ఎక్కిస్తం’ కింది కుప్పలోకి. రెండు పనులూ ఒకే రోజు, ఒకే మనిషి పూర్తి చేసినప్పుడు మాత్రం ‘కొలిచి ఎక్కించినం’ అన్నదాన్ని అలాగే ఉంచుతున్నాను. వచ్చే నెల నుంచి ముక్కలు పంపేటప్పుడే పాయింట్‌కు ఒక క్రియ చొప్పున రాయమని గ్రూపులో అడిగాను. టేపు పట్టే తమ్ముడు అప్పుడే మూడు పంపాడు, మూడూ ‘-ఇనం’తోనే ముగిశాయి.