గుర్తు రాకముందు భాగహారం: పన్నెండు బిళ్ళలు, మూడు ప్లేట్లు

భాగహారం మొదలుపెట్టే రోజు నేను బల్ల మీద బిళ్ళలు, పేపర్ ప్లేట్లు తప్ప ఇంకేమీ ఉంచను. నోటుపుస్తకం, పెన్సిల్ కనిపించాయంటే పిల్లలు "ఏం రాయాలి?" అన్న ఆలోచనలో పడతారు, పంచే పని పక్కకు పోతుంది. భాగహారపు గుర్తు ఇంకా చాలా రోజుల తర్వాతి మాట. దీనికి ఎక్కాలు రావలసిన పని లేదు. ఒక్కో బిళ్ళను ముట్టుకుంటూ ఒక్కో అంకె చెబుతూ 20 దాకా తడబడకుండా లెక్కపెట్టగలిగితే చాలు. అది రాని పిల్లవాడితో పంపకం మొదలుపెడితే తప్పు పంపకంలో జరిగిందో లెక్కపెట్టడంలో జరిగిందో తేల్చుకోలేం.

బిళ్ళలన్నీ ఒకే రంగులో, ఒకే సైజులో ఉండాలి. రంగురంగులవి ముచ్చటగా ఉంటాయి గానీ పిల్లలు వాటిని పంచరు, రంగుల వారీగా వేరు చేస్తారు. ఎర్రవి ఒక ప్లేటులో, పచ్చవి ఒక ప్లేటులో పెట్టి "అయిపోయింది" అంటారు. దొర్లిపోయే పూసలూ గోళీలూ వద్దు, బల్లపరుపుగా ఉండే బొత్తాలో సీసా మూతలో మేలు. ప్లేట్లు తెల్లగా, బొమ్మలు లేకుండా ఉండాలి. లోపల అరలున్న ప్లేట్లు అసలు పనికిరావు, పిల్లలు ఒక్కో అరనూ ఒక్కో వాటాగా తీసుకుని అరల్లో పంచడం మొదలుపెడతారు. ప్లేట్ల అంచులు తగలకుండా మధ్యలో జానెడు ఖాళీ వదులుతాను. మొదటి ప్లేటు అంచు మీద పెన్నుతో ఒక చుక్క పెడతాను. దాని ఉపయోగం తర్వాత చెబుతాను.

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది అంకెలను ఎంచుకోవడంలో. చిన్నవి కదా అని చాలామంది 4 బిళ్ళలు 2 ప్లేట్లకు, 9 బిళ్ళలు 3 ప్లేట్లకు అంటూ మొదలుపెడతారు. పిల్లవాడు "మూడు" అన్నాడనుకోండి, అది ప్లేట్ల లెక్కా, ఒక్కో ప్లేటులోని బిళ్ళల లెక్కా? తెలుసుకునే దారే ఉండదు. అందుకే నేను 12 బిళ్ళలు, 3 ప్లేట్లతో మొదలుపెడతాను. మొత్తం 12, ప్లేట్లు 3, వాటా 4, మూడూ వేర్వేరు. జవాబు 12 అని వస్తే మొత్తం చెబుతున్నాడని, 3 అని వస్తే ప్లేట్లు లెక్కపెట్టాడని అప్పటికప్పుడే తెలిసిపోతుంది. పైగా 2 ప్లేట్లతో అయితే కంటి అంచనాతో రెండు కుప్పలు చేసి సరిచూసుకోవచ్చు. 3 ప్లేట్లు వచ్చేసరికి కంటి అంచనా చాలదు, ఒక పద్ధతి పట్టుకోక తప్పదు.

ముందు 12 బిళ్ళలను బల్ల మీద ఒక వరుసలో పేర్పించి గట్టిగా లెక్కపెట్టిస్తాను. ఈ ఒక్క అడుగు దాటేస్తే చాలా పంపకాలు పాడవుతాయి. 11 మాత్రమే తీసుకున్న పిల్లవాడికి 4, 4, 3 వస్తాయి. తను పంచింది తప్పనుకుని మంచి పద్ధతినే మార్చేసుకుంటాడు. ఆ తర్వాత నేను అనేది ఒకటే మాట: "ఈ 12 బిళ్ళల్ని 3 ప్లేట్లకు సమానంగా పంచు. అన్నీ అయిపోవాలి, ఏ ప్లేటుకీ ఎక్కువ రాకూడదు, తక్కువ రాకూడదు." "సమానంగా" అని వదిలేస్తే చాలదు. మూడింటిలో రెండేసి పెట్టి, కుప్పలో 6 మిగిలి ఉండగానే "సమానమే కదా" అనే పిల్లలు ఉంటారు. వాళ్ళన్నదీ నిజమే. అందుకే "అన్నీ అయిపోవాలి" అన్న మాట ముందే పడాలి.

ఎలా పంచాలో నేను చేసి చూపించను. కొందరు పేకముక్కలు పంచినట్టు ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతారు. కొందరు ముందు గుప్పెడు తీసి ఒక ప్లేటులో పోసి, మిగిలినవి తక్కినవాటిలో పోసి, ఆ తర్వాత ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి మారుస్తారు. రెండో పద్ధతి తప్పేమీ కాదు, చివరికి 4, 4, 4 కే చేరుతుంది. అయితే దానికి మాటిమాటికీ లెక్కపెట్టుకోవాలి, బిళ్ళలు పెరిగేకొద్దీ చిక్కు ముదురుతుంది. 18 బిళ్ళలు ఇచ్చినప్పుడు చాలామంది తమంతట తామే ఒక్కొక్కటీ వేసే పద్ధతికి వస్తారు.

ఒక్కొక్కటీ వేసే పద్ధతిలో వచ్చే ఇబ్బంది వేరు. మధ్యలో ఎవరో పిలుస్తారు, చెయ్యి ఆగుతుంది, మళ్ళీ మొదలుపెట్టేసరికి ఏ ప్లేటు దగ్గర ఆపాడో గుర్తుండదు. ఒక ప్లేటుకు రెండుసార్లు పడుతుంది, లేదా ఒకటి తప్పిపోతుంది. చూపు కుప్ప మీద నుంచి ప్లేట్ల మీదికి, ప్లేట్ల మీద నుంచి కుప్ప మీదికి తిరుగుతుంటే చుట్టు తప్పిందని అర్థం. చుక్క అక్కరకొచ్చేది ఇక్కడే. ప్రతి చుట్టూ చుక్క ఉన్న ప్లేటు దగ్గరే మొదలవ్వాలి, చివరి ప్లేటులో బిళ్ళ పడగానే "ఒక చుట్టు" అని పైకి అనాలి. 12 బిళ్ళలకు నాలుగు చుట్లు వస్తాయి. చుట్ల లెక్కే ఒక్కో ప్లేటు వాటా అని కొందరు పిల్లలు ఇక్కడే పసిగడతారు. నేను మాత్రం బయటపెట్టను.

పంచడం అయ్యాక అడిగే ప్రశ్నలోనే అసలు పరీక్ష ఉంది. చుక్క ఉన్న ప్లేటు చూపించి "ఇందులో ఎన్ని?" అంటాను. లెక్కపెట్టి నాలుగంటాడు. వెంటనే మిగిలిన రెండు ప్లేట్ల మీద వేరే ప్లేట్లు బోర్లించి "మరి ఈ మూతకింద ఎన్ని?" అని అడుగుతాను. సమానంగా పంచడం అంటే ఏమిటో తెలిసిన పిల్లవాడు ఠక్కున నాలుగంటాడు, కొందరైతే "తెలీదా మీకు?" అన్నట్టు చూస్తారు కూడా. మూత తీసి లెక్కపెట్టాలని చూసే పిల్లవాడికి చేతికి పంచడం వచ్చింది గానీ అలా పంచితే అన్నిటిలో ఒకే అంకె ఉండి తీరుతుందన్నది ఇంకా తట్టలేదు. వాడికి 24, 30 అంటూ పెద్ద అంకెలు ఇవ్వడం వల్ల లాభం లేదు. చిన్న అంకెలతోనే ఈ మూత ప్రశ్నను రోజుకోసారి వేయడం మంచిది.

ఇంకో చిన్న తకరారు ఉంది. ఒక ప్లేటులో బిళ్ళలు ఎడంగా పడి, ఇంకోదాంట్లో దగ్గర దగ్గరగా పడితే, ఎడంగా ఉన్నదాంట్లో ఎక్కువున్నాయని కొందరు వాదిస్తారు. లెక్కపెట్టి చూపించినా పూర్తిగా నమ్మరు. అప్పుడు మూడు ప్లేట్లలో నుంచి ఒకేసారి ఒక్కో బిళ్ళ తీయిస్తాను, మళ్ళీ ఒక్కోటి, మళ్ళీ ఒక్కోటి. మూడు ప్లేట్లూ ఒకేసారి ఖాళీ అయితే ఇక వాదన ఉండదు.

ఇది కుదిరాక ప్లేట్లు మారుస్తాను, బిళ్ళలు మాత్రం అవే 12. మూడు ప్లేట్లలో నాలుగేసి ఉండగానే పక్కన నాలుగో ప్లేటు పెట్టి "దీనికీ వాటా కావాలి. ఇప్పుడు ఒక్కోదానికి ఎక్కువొస్తాయా, తక్కువొస్తాయా?" అని అడుగుతాను. "ఎక్కువ" అనేవాళ్ళు తక్కువేమీ ఉండరు, ప్లేట్లు పెరిగాయి కాబట్టి అన్నీ పెరుగుతాయని వాళ్ళ లెక్క. సరిదిద్దకుండా పంచమంటాను. చాలామంది అన్నీ కుప్ప పోసి మళ్ళీ మొదటి నుంచి పంచుతారు. ఎవరో ఒకరు మాత్రం ప్రతి ప్లేటులోంచి ఒక్కోటి తీసి కొత్త ప్లేటులో వేస్తారు. మూడు ప్లేట్ల నుంచి మూడు వచ్చాయి, పాతవాటిలోనూ మూడేసి మిగిలాయి, పంపకం పూర్తి. వాటా ఎందుకు తగ్గిందో దీనికంటే బాగా చూపించే మార్గం నాకు తెలియదు, ఎందుకంటే కొత్త ప్లేటులోకి వచ్చిన ప్రతి బిళ్ళా ఏ ప్లేటు నుంచి వచ్చిందో కళ్ళముందే ఉంటుంది.

తర్వాత ఐదో ప్లేటు పెడతాను. ఇక్కడ ప్లేటుకు రెండేసి వచ్చి, 2 బిళ్ళలు మిగులుతాయి. ఆ రెండింటినీ పిల్లలు రకరకాలుగా వదిలించుకోవాలని చూస్తారు. చుక్క ప్లేటులో వేసేస్తారు, చేతిలో దాచుకుంటారు, "ఇంకో మూడు ఇవ్వండి, సరిపోతాయి" అంటారు. ఈ చివరి మాట అన్నవాడిని మెచ్చుకోవాలి, ఎన్ని తక్కువయ్యాయో లెక్క కట్టుకున్నాడు. అయినా ఇవ్వను. మిగిలినవి కుప్ప ఉన్నచోటే ఉండాలి, ప్లేటులోకి రాకూడదు. "ఒక్కోదానికి రెండు, పంచడానికి చాలనివి రెండు" అని పైకి అనిపిస్తాను. మిగిలినవాటితో ఇంకో చుట్టు వస్తుందా అన్నది ప్రతిసారీ అడగాలి. ఐదు ప్లేట్లకు మిగులు 4 దాకా ఉండవచ్చు, 5 ఉంటే పంపకం ఇంకా అవలేదన్నమాట. గట్టి బిళ్ళలు వాడమనేది కూడా ఇందుకే. కాగితం ముక్కలైతే చించి పంచేస్తారు. అది భిన్నాల దారి, ఇప్పుడే అటు వెళ్ళకూడదు.

రాత మొదలయ్యేది దీని తర్వాతే, అదీ బొమ్మగానే. ప్లేట్లకు గుండ్రాలు, బిళ్ళలకు చుక్కలు, మిగిలినవాటికి గుండ్రాల బయట చుక్కలు. కింద ఒక వాక్యం: "12 బిళ్ళలు 5 ప్లేట్లకు పంచితే ఒక్కోదానికి 2, మిగిలినవి 2." ముందు చుక్కలన్నీ పెట్టేసి తర్వాత వాటి చుట్టూ గుండ్రాలు గీసే పిల్లవాడిని గమనించాలి. ప్లేట్లు ఎన్నో ముందే తెలుసు కాబట్టి గుండ్రాలే ముందు రావాలి. చుక్కలు ముందు వచ్చాయంటే వాడు చేస్తున్నది పంపకం కాదు, గుంపులు కట్టడం.

ఆ గుంపులు కట్టడం కూడా భాగహారమే. "12 బిళ్ళలున్నాయి, ప్లేటుకు 4 చొప్పున పెడితే ఎన్ని ప్లేట్లు కావాలి?" అన్నది దాని ప్రశ్న. అందులో వాటా ముందే తెలుసు, తెలియనిది ప్లేట్ల లెక్క. బల్ల మీద ప్లేట్లు పరిచి పెడితే ఆ ప్రశ్నకు జవాబు ముందే చెప్పేసినట్టవుతుంది. కాబట్టి దానికి ప్లేట్లు దొంతరగా పక్కన ఉండాలి, అవసరమైనప్పుడల్లా పిల్లవాడే ఒక్కోటి తీసుకోవాలి. ఈ రెండు పనులనూ ఒకే రోజు చేయించను, చేయిస్తే జవాబులో ప్లేట్లు చెప్పాలో బిళ్ళలు చెప్పాలో తెలియక తికమకపడతారు. పంపకంలో మూత ప్రశ్నకు ఠక్కున జవాబు వస్తూ, ప్లేటు పెరిగితే వాటా తగ్గుతుందని పంచకముందే చెప్పగలిగాక గుంపుల వైపు వెళ్తాను. గుర్తును పరిచయం చేసేది ఆ రెండూ అయ్యాకే.