పెట్టె పలికినా, మెసేజ్ వచ్చినా ఒకసారి చూసుకుంటాను

విజయవాడ బస్టాండు దగ్గర టీ బండి పెట్టుకున్నాను. మా దగ్గర టీ పది రూపాయలు. పొద్దున్నే బస్సు దిగినవాళ్లు ఐదు వందల నోటు చేతిలో పెడితే చిల్లర ఎక్కడినుంచి తేవాలి? కాలేజీ పిల్లలైతే దూరం నుంచే “అక్కా, స్కానర్ ఉందా?” అని అడిగి, లేదంటే పక్క బండికి వెళ్లిపోయేవాళ్లు. బజారులో తిరుగుతూ దుకాణాలకు క్యూఆర్ కోడ్‌లు ఇచ్చే ఒక కంపెనీ కుర్రవాడు కనిపిస్తే నేనే పిలిచి అడిగాను.

ఆధార్, పాన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ తీసుకున్నాడు. నేను పక్కన నిలబడితే బండికి ఫోటో తీశాడు. నా ఫోనుకు ఓటీపీ వచ్చినప్పుడు అంకెలు వెంటనే చెప్పలేదు. ఆ మెసేజ్ మొత్తం మా అబ్బాయి చేత చదివించాను. పేరు నమోదు కోసమే అని అందులో ఉంది కాబట్టి చెప్పాను. తరువాత నా ఖాతాలో ఒక రూపాయి వేసి, పేరు సరిగా వచ్చిందో లేదో సరిచూశాడు. స్టిక్కరుతో పాటు డబ్బు పడగానే పైకి చెప్పే పెట్టె కూడా ఇచ్చాడు. దాని అద్దె నెలనెలా మన వసూలులోంచే కోసుకుంటారు. ఆ విషయం ముందే అడిగి తెలుసుకోవడం మంచిది, లేకపోతే లెక్క తేడా వచ్చినప్పుడు కారణం తెలియక తికమకపడతాం.

నేను అడిగిన ప్రశ్నల్లో అన్నిటికంటే పనికి వచ్చింది ఇది: “ఎవరైనా పది రూపాయలు కొడితే అవి ఎప్పుడు, ఎక్కడ పడతాయి?” అతను ఓపిగ్గా చెప్పాడు. వాళ్లిచ్చిన దుకాణదారు కోడ్‌కు వచ్చిన ప్రతి చెల్లింపూ ముందు వాళ్ల యాప్‌లో నా పేరున నమోదవుతుంది. పెట్టె పలికేది కూడా అప్పుడే. బ్యాంకు ఖాతాకు మాత్రం ఆ రోజు వసూలంతా కలిపి ఒకే మొత్తంగా చేరుతుంది. కాబట్టి టీ టీకీ బ్యాంకు నుంచి మెసేజ్ రాదు. వచ్చేది రోజు మొత్తానికి ఒక్కటే. అన్ని కోడ్‌లూ ఇలాగే ఉండవు. సొంత ఫోను నంబరు మీద తీసుకున్న కోడ్ అయితే డబ్బు నేరుగా ఖాతాలోనే పడుతుంది. మన కోడ్ ఏ రకమో తెలియకపోతే ఏ మెసేజ్ రావాలో, ఏది రాకూడదో కూడా తెలియదు.

మొదట్లో చాలామంది ఆకుపచ్చ టిక్కు ఉన్న తెర చూపించి వెళ్లబోయేవాళ్లు. అది వాళ్ల ఫోను, వాళ్ల తెర. అచ్చం అలాంటి బొమ్మనే చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయి. పెట్టె గొంతు లాంటి శబ్దం వినిపించేవి కూడా ఉన్నాయని అబ్బాయి చెప్పాడు. అందుకే గిన్నె దించకుండానే ఫోనులో యాప్ తెరిచి, ఆ మొత్తం, ఆ సమయం నా జాబితాలో ఉన్నాయో లేదో చూసుకుంటాను. పెట్టెలోనూ సిమ్ము ఉంటుంది. బస్టాండు రద్దీలో సిగ్నల్ తగ్గితే డబ్బు వచ్చినా అది పలకదు. పెట్టె మౌనంగా ఉందని కొనేవారిని అనుమానించినా తప్పే, ఏదో శబ్దం వినిపించిందని టీ ఇచ్చేసినా తప్పే.

ఈ లెక్క తెలిసి ఉండడం ఒక మధ్యాహ్నం నన్ను కాపాడింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను వచ్చి, ఆఫీసుకు పదహారు టీలు పార్సిల్ కట్టమన్నాడు. 160 రూపాయలు. కోడ్ స్కాన్ కావడం లేదు, నంబరు చెప్పండి, దానికే పంపుతానన్నాడు. చెప్పాను. కాసేపటికి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది, ఖాతాలో 1,600 రూపాయలు జమ అయ్యాయని. అతను తన ఫోను చూసుకుని కంగారుగా, “అయ్యో అక్కా, ఒక సున్నా ఎక్కువ కొట్టాను. మిగతా 1,440 నగదు ఇచ్చేయండి, బస్సు వెళ్లిపోతుంది” అన్నాడు.

నంబరుకు పంపానన్నాడు కాబట్టి పెట్టె పలకకపోవడంలో వింత లేదు. అందుకే మెసేజ్‌నే జాగ్రత్తగా చూశాను. పైన పంపినవారి చోట మామూలు పది అంకెల సెల్ నంబరు ఉంది. మా బ్యాంకు నుంచి ఇన్నాళ్లూ వచ్చిన మెసేజ్‌లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో బ్యాంకు పేరుతోనే ఉన్నాయి. ఖాతా చివరి నాలుగు అంకెలు అంటూ అందులో రాసినవి నావి కావు. అంత మాత్రాన సరిపెట్టుకోకుండా బ్యాంకు వారి మిస్డ్ కాల్ నంబరుకు రింగ్ ఇచ్చాను. నిల్వ ఎంతో మెసేజ్ వచ్చింది. పొద్దున ఉన్నదే ఉంది, రూపాయి కూడా పెరగలేదు.

“డబ్బు నా ఖాతాలో పడలేదు బాబూ. వేరేవాళ్లకు పోయి ఉంటే మీ బ్యాంకును అడగండి. టీలకు 160 ఇచ్చి పార్సిల్ తీసుకెళ్లండి” అన్నాను. గొంతు పెంచాడు. చుట్టూ నిలబడి టీ తాగుతున్న ఆటోవాళ్లు ఇటు తిరిగేసరికి, ఏటీఎంకి వెళ్లి వస్తానని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. కట్టిన పార్సిల్ విప్పి ఆటో స్టాండుకు అమ్ముకున్నాను. ఆ మెసేజ్ వచ్చిన నంబరు మీద అబ్బాయి, టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో మోసపు కాల్స్, మెసేజ్‌ల గురించి చెప్పుకునే చక్షు విభాగంలో ఫిర్యాదు చేశాడు. డబ్బు పోయి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

దీనికి సంబంధించిందే మరొకటి. డబ్బు రావడానికి పిన్ను అక్కరలేదు. పిన్ను కొట్టేది మనం పంపడానికి, లేదా మన నిల్వ మనమే చూసుకోవడానికి. ఎవరైనా మనకు డబ్బు వేస్తున్నామని చెప్పి పిన్ను కొట్టమన్నారంటే ఆ డబ్బు పోయేది మన ఖాతాలోంచే.

స్టిక్కరు విషయంలోనూ అంతే జాగ్రత్తగా ఉంటాను. రాత్రి బండి బయటే ఉంటుంది. అసలు కోడ్ మీద తమ కోడ్ అంటించి పోయే దొంగలున్నారు. అలా జరిగితే కొనేవారి డబ్బు నిజంగానే పోతుంది, నాకు మాత్రం చేరదు. అందుకే పొద్దున పొయ్యి వెలిగించే ముందు స్టిక్కరు అంచులు వేలితో తడిమి చూస్తాను. అబ్బాయి ఫోనుతో స్కాన్ చేసి నా పేరు వస్తుందో లేదో చూస్తాను. రోజు మొదటి గిరాకీని కూడా “ఏ పేరు వచ్చింది నాయనా?” అని అడుగుతాను.

అన్ని తేడాలూ మోసాలు కావు. ఒక కాలేజీ అబ్బాయి నలభై రూపాయలు కొడితే అతని ఖాతాలో కోత పడింది, నా జాబితాలో మాత్రం కనిపించలేదు. పాపం, ముఖం చిన్నబోయింది. అతని ఫోనులో ఆ చెల్లింపు కింద దాన్ని గుర్తుపట్టడానికి ఉన్న పన్నెండు అంకెల యూటీఆర్ నంబరు నా నోటుబుక్కులో రాసుకున్నాను. దుకాణానికి చేరని డబ్బు చెల్లించిన రోజు తరువాత ఐదు రోజుల్లోగా దానంతట అదే అతని ఖాతాకు తిరిగి రావాలి, దాటితే బ్యాంకు రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం. అదే అతనికి చెప్పి, డబ్బు తిరిగి వచ్చాక ఇమ్మని పంపించాను. ఆ వారంలోనే వచ్చి, డబ్బు వెనక్కి పడిందని చూపించి, నలభై రూపాయలు మళ్లీ కొట్టాడు. ఈసారి పెట్టె పలికింది, జాబితాలోనూ కనిపించింది. నోటుబుక్కులో ఆ నంబరు కొట్టేశాను.