దురద పెట్టే మొటిమలు మొటిమలు కావు: నా నాలుగు నెలల అనుభవం

నాకు కాలేజీ రోజుల నుంచీ గడ్డం మీద ఒకటో రెండో మొటిమలు వస్తూ పోతూ ఉండేవి. అందుకే పోయిన ఫిబ్రవరిలో నుదుటి మీద, సరిగ్గా జుట్టు మొదలయ్యే చోట సన్న పొక్కులు లేచినప్పుడు ఇవీ అవే అనుకున్నాను. కావు, ఇవి ఫంగస్ వల్ల వచ్చినవని తేలడానికి మే దాకా పట్టింది. మా ఇల్లు విజయవాడ సత్యనారాయణపురంలో. పటమటలో ఒక స్కూల్లో టీచరుగా చేరి అప్పటికి రెండు నెలలైంది. రోజూ స్కూటీ మీద వెళ్లి రావాలి. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దాటేసరికి హెల్మెట్ లోపల నుదురంతా తడిసిపోయేది.

మార్చి మొదట్లో మా వీధి చివర క్లినిక్‌లో చూపించాను. డాక్టరు గారు గడ్డం మీద మొటిమలు చూశారు, నుదురు చూశారు, మొటిమలేనన్నారు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి, రాత్రి రాసుకోవడానికి క్లిండమైసిన్ జెల్, కడుపులో మంట రాకుండా పరగడుపున ఒక గ్యాస్ బిళ్ళ రాశారు. ఆయన రాసింది వింత మందు కాదు, మొటిమలకు చాలామంది డాక్టర్లు రాసేదే. పైగా గడ్డం మీదవి నిజంగానే తగ్గాయి. నన్ను ఎక్కువగా పక్కదారి పట్టించింది అదే. మూడో వారానికి గడ్డం శుభ్రమైంది. నుదుటి మీద మాత్రం వేలితో తడిమితే ఇసుక కాగితంలా తగిలేది. మందు పనిచేస్తోంది, నుదురుకి ఇంకాస్త టైం పడుతుందేమో అని నాకు నేనే సర్దిచెప్పుకుని, చెప్పిన నాలుగు వారాలు పూర్తయ్యాక అదే చీటీతో ఇంకో రెండు వారాలు కొని వాడాను. ఏప్రిల్ మధ్యకి పొక్కులు ఛాతీ పైభాగానికి కూడా పాకాయి.

అప్పుడు అవి ఎలా ఉండేవో వివరంగా చెప్పాలి, ఎందుకంటే గుర్తుపట్టాల్సింది అక్కడే. నా గడ్డం మీద మొటిమల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి నల్ల మొనతో, ఒకటి లోపల గడ్డలా ఉండేది. నుదుటి మీదవి అలా కాదు. అన్నీ ఒకే సైజు, ఆవగింజంతో అంతకన్నా చిన్నగానో ఉండేవి. కొన్నింటి కొసన చీము చుక్క కనిపించేది. నల్ల మొన గానీ తెల్ల మొన గానీ ఒక్కదానికీ లేదు. పైగా దురద. క్లాసులో బోర్డు వైపు తిరిగినప్పుడల్లా చున్నీ పైనుంచే ఛాతీ రుద్దుకునేదాన్ని. చెమట పట్టాక, సాయంత్రం ఇంటికి వచ్చి ఫ్యాను కింద కూర్చున్న మొదటి పావుగంట భరించలేకపోయేదాన్ని.

అమ్మ వాటిని చెమటకాయలంది. "ఒళ్లు వేడి చేసింది, తలకి నూనె పెట్టక ఎన్నాళ్లయింది?" అని వారానికి మూడు రాత్రులు మాడు నిండా కొబ్బరి నూనె పెట్టి, అరచేతిలో మిగిలింది నా నుదుటికీ మెడకీ రాసేది. నేనూ వద్దనలేదు. పొడిబారి దురద వస్తోందేమోనని స్నానం తర్వాత ఛాతీకి బాదం నూనె ఉన్న లోషన్ కూడా రాసుకునేదాన్ని. రాసిన గంటసేపు హాయిగా ఉండేది, మర్నాటికి ఇంకొన్ని కొత్తవి లేచేవి.

మే మొదటి వారంలో మా స్టాఫ్ రూంలో ఒక అక్క చెప్పగా సూర్యారావుపేటలో ఒక స్కిన్ స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నుదురు చూడటం కంటే ముందు నన్ను అడిగిన మాట, "నొప్పి ఎక్కువా, దురద ఎక్కువా అమ్మా?" దురదే అన్నాను. ఏం మందులు వాడావంటే డాక్సీసైక్లిన్ ఆరు వారాలని చెప్పాను. "గడ్డం తగ్గింది, ఇది పెరిగింది, అవునా?" అన్నారు. నేను చెప్పకముందే ఆవిడ ఆ మాట అనడంతో నాకు సగం టెన్షన్ పోయింది.

ఛాతీ మీద గోకని కొత్త పొక్కులు రెండు మూడు చూసి, బ్లేడు అంచుతో పైన మెల్లగా గీకి, వచ్చిన దాన్ని గాజు స్లయిడ్ మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేశారు. ఆ ద్రావణం చర్మ కణాలను కరిగించేస్తుంది, ఫంగస్ కణాల గోడ మాత్రం కరగకుండా మిగులుతుంది. మైక్రోస్కోపులో గుంపులు గుంపులుగా గుండ్రటి ఈస్ట్ కణాలు కనిపించాయి, ఈస్ట్ అంటే ఒక రకం ఫంగస్. వాటిలో కొన్ని పక్కన మొగ్గ తొడిగి ఉన్నాయి. జబ్బు పేరు మలస్సీజియా ఫాలిక్యులైటిస్. పాత పేరు పిటిరోస్పోరం ఫాలిక్యులైటిస్, కొన్ని రిపోర్టుల్లో ఇప్పటికీ అదే రాస్తారు. బయట అందరూ ఫంగల్ యాక్నే అంటున్నా ఇది అసలు మొటిమ కాదనీ, వెంట్రుక కుదురులో ఈస్ట్ పెరగడం వల్ల వచ్చే వాపు అనీ చెప్పారు.

ఈ ఈస్ట్ దాదాపు అందరి చర్మం మీదా ఉంటుందట. చుండ్రుతో సంబంధం ఉన్నదీ ఇదే. కాబట్టి స్లయిడ్ మీద నాలుగు కణాలు కనబడినంత మాత్రాన జబ్బని తేల్చరు. ఒకే సైజు పొక్కులు, దురద, వచ్చిన చోటు, వాడిన మందులు అన్నీ కలిసి చూస్తారు. యాంటీబయాటిక్‌తో ఎందుకు పెరిగిందని అడిగాను. చర్మం మీద బ్యాక్టీరియా, ఈస్ట్ పక్కపక్కనే చోటు కోసం పోటీ పడుతూ బతుకుతాయి. డాక్సీసైక్లిన్ బ్యాక్టీరియాను తగ్గించింది, గడ్డం మీద నిజమైన మొటిమలు అందుకే తగ్గాయి. ఈస్ట్‌ను మాత్రం అది ఏమీ చేయదు. పోటీ తగ్గేసరికి నుదుటి మీదా ఛాతీ మీదా దానిదే రాజ్యమైంది.

నూనె సంగతి విన్నాక అమ్మ ముఖం చిన్నబోయింది, ఆ రోజు నాతోనే వచ్చింది. ఈ ఈస్ట్ తనకు కావలసిన కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారు చేసుకోలేదు. మన చర్మం నూనె నుంచి, మనం రాసుకునే నూనె నుంచి తీసుకుంటుంది. ల్యాబులో దీన్ని పెంచాలన్నా ఆలివ్ నూనె లాంటిది కలపాల్సిందేనట. కొబ్బరి నూనెలో సుమారు సగం లారిక్ ఆమ్లం, అది కూడా దానికి పనికొచ్చేదే. "మీరు చేసింది తప్పు కాదండీ, జుట్టుకి నూనె మంచిదే. నుదుటికీ ఛాతీకీ వద్దు, రాత్రంతా ఉంచొద్దు" అని డాక్టరు గారు అమ్మకు విడిగా చెప్పారు. ఆ మాట ఆవిడ అంత నెమ్మదిగా చెప్పినందుకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్ రెండూ ఆపేశారు. గర్భం, గుండె జబ్బు, వేరే మందులు ఏమైనా ఉన్నాయా అని అడిగి, లివర్ పరీక్ష చేయించి, ఫంగస్‌ను తగ్గించే ఇట్రాకొనజోల్ 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకి రెండు చొప్పున 2 వారాలు రాశారు. ఈ ప్రశ్నలు ఊరికే అడిగినవి కావు. ఈ మందు గర్భిణులకూ గుండె బలహీనంగా ఉన్నవాళ్లకూ సరిపడదు, చాలా మందులతో కలవదు. అందుకే మందుల షాపులో అడిగి కొనుక్కునేది కాదిది. పైన వాడటానికి 2 శాతం కీటోకొనజోల్ షాంపూ ఇచ్చారు. తలకి రాసే షాంపూనే, నుదుటికీ ఛాతీకీ పల్చగా రాసి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి కడగాలి. రాసిన వెంటనే కడిగేస్తే పనిచేయదని రెండుసార్లు చెప్పారు. నేను వంటింట్లో గడియారం చూసుకుని బాత్రూంలోకి వెళ్లేదాన్ని.

అయినా ఆరో రోజుకి దురదలో పెద్ద తేడా లేదు. ఏడుపొచ్చింది. ఫోన్ చేస్తే డాక్టరు గారు ముందు క్యాప్సూల్ ఎప్పుడు వేసుకుంటున్నావని అడిగారు. పొద్దున పరగడుపున, గ్యాస్ బిళ్ళతో పాటు అన్నాను. మార్చిలో మొదలైన ఆ గ్యాస్ బిళ్ళ అలవాటుగా అలాగే సాగుతోంది. వేరే మందులేమైనా ఉన్నాయా అని ఆవిడ అడిగినప్పుడు దాన్ని మందుగా లెక్కపెట్టలేదు నేను. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కరిగి ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి. ఆమ్లాన్ని తగ్గించడమే గ్యాస్ బిళ్ళ పని. ఖాళీ కడుపుతో వేసుకోవడం ఇంకో పొరపాటు. గ్యాస్ బిళ్ళ ఆపించి, భోజనం అయిన వెంటనే వేసుకోమన్నారు. ఆ రోజు నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టి 2 వారాలు పూర్తి చేయమన్నారు. ఆ వివరం చీటీ మీద పెద్దక్షరాలతో రాసి ఉండాల్సింది అని నాకు అనిపిస్తుంది. మన ఇళ్లలో ఏ మాత్ర వేసుకున్నా తోడు ఒక గ్యాస్ బిళ్ళ వేసుకోవడం మామూలైపోయింది కదా.

మార్చిన నాలుగో రోజుకి సాయంత్రం దురద రాలేదు. వారానికి కొత్తవి లేవడం ఆగింది. మూడో వారం చివరికి నుదురు నున్నబడింది, ఛాతీకి మరో పది రోజులు పట్టింది. గోధుమరంగు మచ్చలు మాత్రం ఉండిపోయాయి. అవి ఫంగస్ కావు, మానిన చోటు రంగు. తగ్గడానికి నెలలు పడుతుందని చెప్పారు కాబట్టి వాటి మీద ఏ క్రీమూ రుద్దలేదు.

హెల్మెట్ లోపలి మెత్త తీసి వారానికోసారి ఉతుకుతున్నాను. లోపల పల్చటి నూలు గుడ్డ కట్టుకుని, స్కూలుకి వెళ్లాక మార్చుకుంటాను. లోషన్ బదులు నూనె లేని జెల్ వాడుతున్నాను. ప్రతి డబ్బా వెనక ఉన్న పేర్లన్నీ నెట్‌లో వెతికి భయపడటం మొదలుపెడితే డాక్టరు గారే వద్దన్నారు, రాసుకుని అలాగే వదిలేసే నూనెలు మానేస్తే చాలన్నారు. తలకి నూనె శనివారం సాయంత్రం, జుట్టు చివళ్లకే పెట్టుకుని రెండు గంటల్లో తలస్నానం చేస్తున్నాను. ఇది తిరగబెట్టే జబ్బు, ఈస్ట్ చర్మం మీద ఎప్పుడూ ఉండేదే కాబట్టి. అందుకని కీటోకొనజోల్ షాంపూ వారానికి ఒకసారి ఆపకుండా రాస్తున్నాను.

సెప్టెంబరులో పన్ను చీము పట్టి డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. యాంటీబయాటిక్ తప్పదన్నారు, 5 రోజులు రాశారు. నా సంగతి చెప్పి, స్కిన్ డాక్టరు గారికి ఫోన్ చేశాను. పంటికి అవసరమైన మందు మానొద్దనీ, ఆ రోజుల్లో షాంపూ రోజు విడిచి రోజు రాయమనీ అన్నారు. నాలుగో రోజున జుట్టు అంచున మూడు పొక్కులు లేచాయి, దురదతోనే. కోర్సు అయిపోయిన వారానికి ఆ మూడూ అణిగిపోయాయి.