లెక్కల టీచర్ నుంచి కార్పొరేట్ ట్రైనింగ్‌కి: రిక్రూటర్‌కి మెయిల్ ఎలా రాశానంటే (నా అనుభవం)

మాది భీమవరం అండి. ప్రైవేట్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. సంక్రాంతికి ముందు రొయ్యల మేత కంపెనీ ఒకదాంట్లో ట్రైనర్ పోస్టు పడింది, కొత్తగా చేరే ఫీల్డ్ స్టాఫ్‌కి, అంటే చెరువు గట్ల మీద రైతులతో మాట్లాడే కుర్రాళ్లకి ట్రైనింగ్ ఇవ్వాలి. నాలాగా స్కూల్ నుంచి ఇటు రావాలనుకునే టీచర్లు చాలామంది ఉన్నారు కదా, వాళ్లకి పనికొస్తుందని రిక్రూటర్‌కి ఏం రాశానో, ఎందుకలా రాశానో చెప్తున్నా.

మామూలుగా మన టీచర్లందరం రాసేది ఒకటే, ఇన్నేళ్ల అనుభవం, నూటికి నూరు శాతం రిజల్ట్, బెస్ట్ టీచర్ షీల్డు. ఇవి అబద్ధాలేం కాదు, కానీ రిక్రూటర్‌కి అక్కర్లేని విషయాలు. పదో తరగతి రిజల్ట్‌లో ట్యూషన్ వాటా ఉంటుంది, ఇంట్లో వాళ్ల వాటా ఉంటుంది, అందులో నా పాఠం వల్ల వచ్చింది ఎంతో ఎవరూ చెప్పలేరు. కంపెనీ వాళ్లకి తెలియాల్సింది ఏంటంటే, జనానికి ఎక్కడ అర్థం కావట్లేదో నేను పట్టుకోగలనా, సరిచేశాక నిజంగా మారిందో లేదో కొలిచి చూపించగలనా అని. ఆ పోస్టు ప్రకటనలో ట్రైనింగ్ నీడ్స్ గుర్తించడం, సెషన్ తీసుకోవడం, అసెస్‌మెంట్ అని వరసగా రాసి ఉంది, చదువుతుంటే ఇవన్నీ మనం స్లిప్ టెస్ట్ పేరుతో వారం వారం చేసేవే కదా అనిపించింది.

అందుకే ఒక్క సంగతే తీసుకుని మెయిల్ రాశాను. నిష్పత్తి పాఠం మీద స్లిప్ టెస్ట్ పెడితే 40 మందిలో 26 మంది ఒక లెక్క తప్పు చేశారు. ఆ పేపర్లన్నీ పక్కన పెట్టుకుని తప్పులు విడదీసి చూస్తే భాగహారం తప్పినవాళ్లు కొద్దిమందే, మిగతా వాళ్లంతా పైన వేయాల్సింది కింద, కింద వేయాల్సింది పైన వేశారు. అంటే వాళ్లకి మళ్లీ భాగహారం చెప్పడం దండగ. అంకెలు వేసే ముందు "దేనికి ఎంత" అని మాటల్లో ఒక లైన్ రాయమన్నాను, రాయకపోతే మార్కు లేదన్నాను. రెండు వారాల తర్వాత లెక్క మార్చి పెడితే తప్పు చేసింది 9 మంది.

దీన్ని వాళ్ల పనికి ముడిపెట్టడం నాకు తేలికే అయింది, ఎందుకంటే మా ఇంటి చుట్టూ చెరువులే. మేత కంపెనీ కుర్రాడికి ముందు రావాల్సింది ఎఫ్‌సీఆర్, అంటే వేసిన మేతని పెరిగిన రొయ్య బరువుతో భాగించడం. 3 టన్నుల మేతకి 2 టన్నుల రొయ్య వస్తే 1.5. తిరగేస్తే 0.67 వస్తుంది, కిలో మేత కూడా వేయకుండా కిలో రొయ్య పండిందని రైతుతో చెప్పినట్టు, ఆ తర్వాత ఆయన వీడి మాట వినడు. మా పిల్లలు చేసే తప్పు, ఇక్కడ జరిగే తప్పు ఒకటే, నేను దాన్ని ఇలా పట్టుకుంటాను అని రాశాను.

ఇంకో పేరా పెద్దవాళ్ల గురించి. పిల్లలకి చెప్పడం వేరు, పెద్దవాళ్లకి చెప్పడం వేరు అనే అనుమానం వాళ్లకి కచ్చితంగా వస్తుంది, కాబట్టి అడగకముందే చెప్పేయాలి. మా స్కూల్లో డిజిటల్ బోర్డులు పెట్టినప్పుడు సీనియర్ టీచర్లకి నేర్పించింది నేనే. వాళ్లు తమ పాఠమే తెచ్చుకుని దాని మీదే ప్రాక్టీస్ చేసేలా చూశాను, నేను రెడీ చేసిన ఉదాహరణలు పక్కన పెట్టేశాను, అనుభవం ఉన్నవాళ్లకి తమ పనికి పనికొచ్చేదైతేనే ఓపిక ఉంటుంది.

మెయిల్లో కావాలనే ఒక హద్దు కూడా పెట్టాను. 1959లో డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో కొలవమన్నాడు: వచ్చినవాళ్లకి నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, కంపెనీకి ఫలితం వచ్చిందా అని. నా స్లిప్ టెస్ట్ చూపించేది రెండో మెట్టు వరకే. మూడోది తెలియాలంటే నెల తర్వాత ఆ కుర్రాడు చెరువు దగ్గర రాసిన రికార్డు పుస్తకం చూడాలి, అది స్కూల్లో నేను చేయలేదు, ఇక్కడ చేస్తాను అని సూటిగా రాశాను. రిక్రూటర్ ఫోన్ చేసినప్పుడు ఎక్కువసేపు మాట్లాడింది ఈ లైన్ గురించే, "మేడమ్, ఆ రికార్డులు మీకు ఎవరు తెచ్చిస్తారు" అని అడిగారు, ఏరియా సూపర్‌వైజర్‌తో వారానికోసారి ఫొటో పంపించుకుంటానన్నాను.

తర్వాత డెమో సెషన్ అడిగారు, ఎఫ్‌సీఆరే చెప్పాను, ముందు చిన్న టెస్ట్, చివర్లో అంకెలు మార్చి అదే టెస్ట్. ఆఫర్ వచ్చింది. పదో తరగతి పరీక్షలు అయ్యేవరకు పిల్లల్ని వదిలి రాలేనని చెప్తే ఏప్రిల్లో జాయినింగ్‌కి ఒప్పుకున్నారు.