పిక్ అండ్ ప్లేస్ చేయి, ఏడో వారం: గాలి పోయి మళ్ళీ వచ్చినప్పుడు ఏం జరుగుతుంది

మా మేనల్లుడు చదివే పాలిటెక్నిక్ ల్యాబ్‌లో న్యూమాటిక్ బోర్డు ఉంది, దాని మీద సిలిండర్ ముందుకీ వెనక్కీ వెళ్తుంది, అంతే. ఒక వస్తువుని ఎత్తి ఇంకోచోట పెట్టే చేయి ఒకటి చేసిస్తానని వాడికి మాటిచ్చి ఆరు వారాలు దాటింది. నేను పగలు ప్యాకింగ్ మెషీన్ల మెయింటెనెన్స్ చేస్తాను, ఇది రాత్రిళ్ళు, ఆదివారాలు చేసే పని. పోయిన వారం వరకు అంతా బాగానే నడిచింది, శనివారం సక్షన్ కప్పు చిరిగిపోయింది. అది ఎందుకు చిరిగిందో తెలుసుకోవడానికే ఈ వారమంతా పట్టింది కాబట్టి ఎక్కువ దాని గురించే రాస్తాను, ముందు సామాను సంగతి కొంచెం.

ఎత్తాల్సింది 40 ఎంఎం వ్యాసం, 20 ఎంఎం ఎత్తు ఉన్న అల్యూమినియం బిళ్ళ. బరువు 68 గ్రాములు. దీన్ని ఎత్తే నిలువు సిలిండర్ 16 ఎంఎం బోరు, 50 ఎంఎం స్ట్రోక్. అడ్డంగా జరిపేది 20 ఎంఎం బోరు, 200 ఎంఎం స్ట్రోక్. రెండూ డబుల్ యాక్టింగ్, పిస్టన్‌లో అయస్కాంతం ఉన్నవి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్నాను. బలం లెక్క చూస్తే 16 బోరు అక్కర్లేదు, ఎందుకంటే 5 బార్ దగ్గర అది దాదాపు 100 న్యూటన్లు తోస్తుంది, మనం కదపాల్సిన బరువు కప్పు, బ్రాకెట్ అన్నీ కలిపినా అర కిలో లోపే. 10 బోరు కూడా 39 న్యూటన్లు ఇస్తుంది, సరిపోతుంది. కానీ 10 బోరు సిలిండర్ రాడ్ 4 ఎంఎం మాత్రమే, 16 బోరుకి 6 ఎంఎం. అడ్డం కదలిక ఆగినప్పుడు కింద వేలాడే కప్పు ఊగుతుంది, ఆ ఊపు తగిలేది ఈ రాడ్‌కే. ఇలాంటి చిన్న చేతుల్లో బోరుని బలం చూసి కాదు, రాడ్ మందం చూసి ఎంచుకోవాలని నాకు అనిపించింది. అడ్డం సిలిండర్‌కైతే రాడ్ మీద అసలు బరువు పెట్టలేదు, రెండు 10 ఎంఎం షాఫ్టుల మీద లీనియర్ బేరింగులతో క్యారేజ్ నడుస్తుంది, సిలిండర్ దాన్ని తోస్తుందంతే.

కప్పు 20 ఎంఎం. మైనస్ 0.5 బార్ వ్యాక్యూమ్ వస్తే దాదాపు 15 న్యూటన్ల పట్టు, బిళ్ళ బరువు 0.7 న్యూటన్ కూడా లేదు. ఇంత మార్జిన్ ఉన్నా మొదట్లో వ్యాక్యూమ్ స్విచ్ ఓకే ఇవ్వలేదు. గేజి మైనస్ 0.3 దగ్గరే ఆగిపోయేది. గాలి ఊది వ్యాక్యూమ్ పుట్టించే ఎజెక్టర్ సరిగ్గా లేదేమో అనుకుని కప్పు కింద గాజు పలక పెట్టి చూశాను, వెంటనే మైనస్ 0.7 దాటింది. అంటే ఎజెక్టర్‌లో తప్పు లేదు, బిళ్ళలో ఉంది. లేత్ మీద ఫేసింగ్ చేసినప్పుడు టూల్ మధ్య నుంచి అంచు దాకా చుట్టలు చుట్టుకుంటూ ఒకటే గీత గీస్తుంది కదా, ఆ గీత కప్పు పెదవి కింద నుంచి బయటకు గాలి దారిలా పనిచేస్తోంది. బిళ్ళ పై ముఖాన్ని గాజు పలక మీద సన్న ఎమరీ పేపర్ పరిచి ఐదు నిమిషాలు రుద్దితే మైనస్ 0.65 వచ్చింది. స్విచ్ మైనస్ 0.45 దగ్గర సెట్ చేశాను.

ఇక వాల్వుల దగ్గరకి వస్తే, కరెంటు పోతే ఏది ఎక్కడ ఉండాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టాను. నిలువు సిలిండర్‌కి ఒకే కాయిల్, స్ప్రింగ్ రిటర్న్ ఉన్న 5/2 వాల్వ్, అంటే ఐదు పోర్టులు, రెండు స్థితులు ఉన్నది పెట్టాను, కరెంటు పోతే పైకి వెళ్ళిపోతుంది. అడ్డం సిలిండర్‌కి రెండు కాయిళ్ళ 5/2, కరెంటు పోయినా చివరిగా ఎటు ఉందో అటే ఉంటుంది. ఎజెక్టర్‌కి కూడా రెండు కాయిళ్ళదే, ఒక పోర్టు ఎజెక్టర్‌కి, రెండోది ప్లగ్ చేసేశాను. దీనివల్ల కరెంటు పోయినా గాలి ఉన్నంతసేపు బిళ్ళ కింద పడదు. ఇదంతా బాగానే ఆలోచించాను. కానీ గాలే పోతే ఏమవుతుందో అస్సలు ఆలోచించలేదు.

ఎమర్జెన్సీ బటన్ నొక్కితే, వచ్చే గాలిని వడకట్టి ప్రెషర్ సరిచేసే ఎఫ్ఆర్ఎల్ పక్కన ఉన్న డంప్ వాల్వ్ మొత్తం గాలిని బయటకు వదిలేస్తుంది. శనివారం మేనల్లుడు క్యారేజ్ సగం దారిలో ఉండగా ఆ బటన్ నొక్కాడు, పరీక్ష కోసమే. అన్నీ ఆగాయి. బిళ్ళ పడిపోయింది, పట్టేది ఎజెక్టర్ కాబట్టి అది తప్పదు, కింద రబ్బరు మ్యాట్ ఉంది. తర్వాత మేం మాట్లాడుకుంటుండగా నిలువు రాడ్ తన బరువుకే మెల్లమెల్లగా కిందకి దిగింది, మేమిద్దరం చూడలేదు. బటన్ తిప్పి రీసెట్ చేశాడు. స్టార్ట్ నొక్కకుండానే క్యారేజ్ ఒక్క ఊపున చివరికి దూసుకెళ్ళింది, కిందకి దిగి ఉన్న కప్పు స్టాండు అంచుకి తగిలి చిరిగింది. వాడి చెయ్యి ఆ పక్కన లేదు, అది మా అదృష్టం.

ముందు ఫ్లో కంట్రోల్ వాల్వులు బిగించి చూశాను. రెండు పోర్టుల దగ్గరా మీటర్ అవుట్ పద్ధతిలో, అంటే బయటకు వెళ్ళే గాలిని ఆపేలా పెట్టాను. స్క్రూ బిగించేకొద్దీ మామూలు స్ట్రోక్ నత్తలా తయారైంది కానీ రీసెట్ తర్వాత వచ్చే ఆ ఒక్క స్ట్రోక్ మాత్రం అదే వేగంతో దూకింది. సంగతి అక్కడే దొరికింది. మీటర్ అవుట్ అంటే ఎదురు గదిలో ఉన్న గాలి మెత్తగా అడ్డుపడితేనే వేగం తగ్గుతుంది. డంప్ అయ్యాక రెండు గదులూ ఖాళీ, బయటకు వెళ్ళడానికి గాలే లేనప్పుడు ఆ స్క్రూ దేన్ని ఆపుతుంది? 5 బార్ ఒకవైపు, అవతల ఏమీ లేదు, పిస్టన్ ఎగిరిపోతుంది. స్టార్ట్ లేకుండా కదలడానికి కారణం రెండు కాయిళ్ళ వాల్వ్, దాని స్పూల్ ఇంకా ముందుకి అన్న వైపే ఉంది, గాలి రాగానే వదిలేసిన పని పూర్తి చేసింది. మీ సెటప్‌లో కూడా రీసెట్ తర్వాత మొదటి స్ట్రోక్ ఒక్కటే గట్టిగా కొట్టి రెండో స్ట్రోక్ నుంచి మామూలుగా ఉంటే సిలిండర్ కుషన్ని అనుమానించకండి, ఇదే కారణం అయి ఉంటుంది.

దీనికి రెండు మార్పులు చేశాను. మొదటిది డంప్ వాల్వ్ తర్వాత సాఫ్ట్ స్టార్ట్ వాల్వ్. ఇది గాలిని సన్న దారిలో మెల్లగా నింపుతుంది, లోపల ప్రెషర్ దాదాపు సగానికి చేరాకే పూర్తిగా తెరుచుకుంటుంది. ఇప్పుడు సగంలో ఆపి రీసెట్ చేస్తే క్యారేజ్ మూడు నాలుగు సెకన్లు తీసుకుని మెల్లగా చివరికి వెళ్తుంది. అప్పటికి ఒక గది నిండిపోతుంది కాబట్టి తర్వాతి స్ట్రోక్‌కి మీటర్ అవుట్ పనిచేస్తుంది. కదలడం మాత్రం ఆగలేదు, అది గమనించాలి. విద్యార్థులకి ఇది ముందే చెప్పాలి, రీసెట్ అంటే ఏమీ కదలదు అనుకుంటారు.

రెండోది నిలువు సిలిండర్ కింది పోర్టుకి, అంటే రాడ్ వైపు పోర్టుకి నేరుగా బిగించిన పైలట్ చెక్ వాల్వ్. పైన ఉన్నప్పుడు గాలి పోతే ఆ గదిలోని గాలి బంధించబడి రాడ్‌ని పట్టుకుంటుంది. కిందకి దిగమన్నప్పుడు పై గది గొట్టం నుంచి పైలట్ లైన్‌కి ప్రెషర్ వచ్చి చెక్ తెరుచుకుంటుంది. గొట్టం మధ్యలో కాకుండా పోర్టుకే బిగించాలి, లేకపోతే గొట్టం ఊడినా, లీకైనా పట్టు పోతుంది. ఇప్పుడు గాలి తీసేసి అరగంట చూశాను, రాడ్ 2 ఎంఎం కూడా దిగలేదు. కానీ దీనితో కొత్త ప్రమాదం ఒకటి వచ్చింది, ఎఫ్ఆర్ఎల్ గేజి సున్నా చూపిస్తున్నా సిలిండర్‌లో ఇంకా 5 బార్ ఉంటుంది. ఎవరైనా గేజి చూసి ఆ ఫిట్టింగ్ విప్పితే రాడ్ వాళ్ళ వేళ్ళ మీదకి దిగుతుంది. అందుకే చేత్తో గాలి వదిలే మాన్యువల్ రిలీజ్ ఉన్న చెక్ వాల్వే కొన్నాను, పక్కన ఎర్ర స్టిక్కర్ మీద తెలుగులో రాసి అంటించాను.

ప్రోగ్రామ్‌లో కూడా ఈ వారమే ఒక తప్పు దిద్దాను. మొదట నేను స్టెప్ నంబర్లు లేకుండా, ఏ సెన్సర్లు ఆన్‌లో ఉన్నాయో చూసి తర్వాతి పని నిర్ణయించేలా రాశాను. పైన, ఇంటి దగ్గర అంటే బిళ్ళని ఎత్తే చోట, వ్యాక్యూమ్ లేదు అంటే కిందకి దిగు. పైన, ఇంటి దగ్గర, వ్యాక్యూమ్ ఉంది అంటే ముందుకి వెళ్ళు. వ్యాక్యూమ్ స్విచ్ వల్ల ఏ రెండు స్థితులూ ఒకేలా లేవు కాబట్టి సరిగ్గానే నడిచింది. తర్వాత క్యారేజ్ దారిలో ఉండగా బిళ్ళని చేత్తో లాగేశాను. చివరికి వెళ్ళింది, పైన, అవతల, వ్యాక్యూమ్ లేదు అని చూసింది, అంటే పెట్టేశానని లెక్కేసుకుని తిరిగొచ్చి ఇంకోటి ఎత్తింది. పడిపోయిన బిళ్ళ సంగతి దానికి తెలియనే తెలియదు. ఇప్పుడు ఇలా ఉంది, రెండు స్టెప్పులే చూపిస్తున్నాను:

```
40: X_fwd := TRUE;
    IF NOT Vac_ok THEN step := 900;
    ELSIF X_end THEN X_fwd := FALSE; step := 50;
    END_IF;
60: Vac_on := FALSE; Vac_off := TRUE;
    tDrop(IN := TRUE, PT := T#300ms);
    IF tDrop.Q THEN
      tDrop(IN := FALSE); Vac_off := FALSE; step := 70;
    END_IF;
```

900 అంటే నిలువు సిలిండర్ పైకి వెళ్ళి లైటు వెలిగించి ఆగిపోవడం. 60లో ఆ 300 మిల్లీ సెకన్లు ఎందుకంటే, 150 పెట్టినప్పుడు రుద్ది నున్నగా చేసిన బిళ్ళ అప్పుడప్పుడు కప్పుకే అంటుకుని మళ్ళీ పైకి లేచింది.

గాలి ఖర్చు కూడా లెక్కేశాను. రెండు సిలిండర్లూ కలిపి ఒక సైకిల్‌కి 0.9 లీటరు మామూలు గాలి తాగుతాయి. 0.7 ఎంఎం నాజిల్ ఉన్న ఎజెక్టర్ రెండు సెకన్లకే దాదాపు 0.8 లీటరు తాగుతోంది. అంటే చిన్న ఎజెక్టర్ ఒక్కటే రెండు సిలిండర్లంత తింటోంది, అందుకే ఖాళీగా ఉన్నప్పుడు దాన్ని ఆన్‌లో వదలకూడదు.

ఆదివారం సాయంత్రం ఆపకుండా 200 సైకిళ్ళు నడిపాను, ఒక్కోటి 4 సెకన్లు, ఒక్క బిళ్ళ కూడా పడలేదు. ఆ తర్వాత ఐదుసార్లు కావాలనే వేర్వేరు చోట్ల ఎమర్జెన్సీ నొక్కాను, నాలుగుసార్లు రాడ్ పైనే ఉంది. ఐదోసారి రాడ్ కింద ఉన్నప్పుడు నొక్కాను, అది కిందే ఉండిపోయింది, రీసెట్ అయ్యాక పైకి లేచింది, క్యారేజ్ కదల్లేదు. అయితే గాలి లేనప్పుడు ఎవరైనా క్యారేజ్‌ని చేత్తో పక్కకి తోసి ఉంటే అప్పుడు రెండూ ఒకేసారి కదులుతాయి, కప్పు మళ్ళీ తగులుతుంది. దానికి అడ్డం వాల్వ్‌కి వెళ్ళే గాలిని విడిగా ఒక 3/2 వాల్వ్‌తో ఆపి, నిలువు రాడ్ పైకి చేరిందని చెప్పే రీడ్ స్విచ్ వెలిగాకే వదలాలని అనుకుంటున్నాను. ఆ వాల్వ్ కోసం గురువారం మళ్ళీ రాణిగంజ్ వెళ్తాను.