పదిహేను మాటలు

మా బాబుకి ఎనిమిదో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. కింద పడి కొట్టుకోవడమే ఫిట్స్ అనుకునేదాన్ని నేను. వాడికి అలా కాదు. అన్నం తింటూ ఉన్నట్టుండి ఆగిపోయేవాడు. చూపు ఒకచోట నిలిచిపోయేది, పెదాలు చప్పరించేవాడు, చొక్కా గుండీ వేళ్లతో తడుముతూ ఉండేవాడు. ఒక నిమిషం, నిమిషంన్నర. పిలిస్తే పలికేవాడు కాదు. తేరుకున్నాక ఆ నిమిషం వాడికి గుర్తుండేది కాదు. ఎమ్మారైలో ఏమీ లేదు. మెదడు తరంగాలు చూసే ఈఈజీలో ఎడమ కణత వైపు తేడా కనబడింది.

మొదట ఇచ్చిన మందుతో పూర్తిగా తగ్గలేదు. దానికి టోపిరమేట్ అనే ఇంకో మందు కలిపి, మెల్లగా పెంచుతూ రోజుకి 150 మిల్లీగ్రాములకి తీసుకెళ్లారు. ఫిట్స్ నెలకి నాలుగైదు నుంచి రెండు నెలలకి ఒకటికి వచ్చాయి. దేవుడి దయ అనుకున్నాం. కానీ ఆ ఏడాదే ఐదో తరగతిలో మార్కులు పడిపోయాయి. నేర్పించిన పద్యం మర్నాటికి చెప్పలేకపోయేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ "అదే... అదేనమ్మా..." అని ఆగిపోయేవాడు. వాళ్ల టీచర్ "వీడికి బుర్రకి ఎక్కడం లేదమ్మా" అన్నారు. అత్తయ్య అయితే మందులన్నీ ఆపేద్దామన్నారు. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉందని డాక్టరుగారు ముందే హెచ్చరించారు కాబట్టి ఆ పని చేయలేదు.

ఎవరో చెబితే ఒకచోట తెలివితేటల పరీక్ష చేయించాం. అంతకుముందు రాత్రే వాడికి ఫిట్స్ వచ్చింది. ఆ సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తెలియలేదు. గంటన్నర ఒకే బిగిన, ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో. చివరికి కాగితం మీద ఒక్క అంకె, ఐక్యూ 76. సగటు పిల్లలకి వంద ఉంటుందట. ఆ కాగితం పట్టుకుని మా ఆయనా నేనూ బస్టాండులో ఎంతసేపు కూర్చున్నామో నాకు గుర్తులేదు.

తర్వాత మా న్యూరో డాక్టరుగారు ఇంకో ఆస్పత్రిలో ఉన్న సైకాలజిస్టు మేడమ్ దగ్గరికి పంపారు. ఆవిడ ఆ కాగితం చూసి పక్కన పెట్టేశారు. ఫిట్స్ వచ్చాక ఒక్కోసారి ఒకటి రెండు రోజుల దాకా బుర్ర మందంగా ఉండొచ్చు, ఆ గంటల్లో చేసిన పరీక్ష పిల్లవాడి శక్తిని చూపదు అన్నారు. ఫిట్స్ తేదీలు రాసుకున్న మా నోటుబుక్కు అడిగి తీసుకున్నారు. చివరిసారి ఎప్పుడు వచ్చింది, మందు మోతాదు ఎప్పుడు మార్చారు, ఆ ఉదయం ఎన్ని గంటలకి వేశాం, రాత్రి నిద్ర ఎలా పట్టింది, ఇవన్నీ రాసుకున్నారు. తర్వాత వాణ్ణే అడిగారు, "నాన్నా, లెక్కపెట్టేటప్పుడు మనసులో ఒకటి రెండు అనుకుంటావా, వన్ టూ అనుకుంటావా?" వాడు వన్ టూ అన్నాడు. అందుకని అంకెల పరీక్ష ఇంగ్లీషులో, మాటల పరీక్ష తెలుగులో పెట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు ఉన్న పిల్లల్ని ఒకే భాషలో కొలిస్తే లోటు జ్ఞాపకానిదో భాషదో తెలియదని ఆవిడ అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

పరీక్ష రెండు ఉదయాలు జరిగింది, మధ్యలో విరామాలతో. పరీక్షల్లో ఎక్కువభాగం బెంగళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 5 నుంచి 15 ఏళ్ల పిల్లల కోసం తయారుచేసినవి. మన ఊళ్ల పిల్లల సగటులు వాటికి లేవు కాబట్టి అంకెల్ని కొంచెం వదులుగా చదవాలని కూడా ఆవిడే చెప్పారు.

నేను మరిచిపోలేనిది పదిహేను మాటల పరీక్ష. ఆవిడ పదిహేను మాటలు చదివేవారు, వాడు గుర్తున్నవి చెప్పాలి. అదే జాబితా ఐదుసార్లు. మొదటిసారి వాడు మూడే చెప్పాడు. గాజుతలుపు వెనక నా గుండె జారిపోయింది. రెండోసారి ఆరు, తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది. ఆపైన వేరే మాటల జాబితా ఒకటి వినిపించి, మళ్లీ మొదటిదే అడిగారు. తొమ్మిది. అరగంట బొమ్మల పనులు చేయించి మళ్లీ అడిగారు. తొమ్మిదే. చివరికి చాలా మాటలు కలిపి చదివి ఏవి మన జాబితాలోవో చెప్పమంటే పదిహేనులో పద్నాలుగు పట్టేశాడు.

"చూడండమ్మా," అన్నారు మేడమ్, "ఎడమ కణత వైపు ఫిట్స్ కాబట్టి నా భయం మాటల జ్ఞాపకం మీదే ఉండింది. జ్ఞాపకమే పోతుంటే అరగంటలో ఆ పదీ మూడో నాలుగో అయిపోవాలి. గుర్తుపట్టమన్నా పట్టలేడు. వీడి దగ్గర లోపలికి వెళ్లింది ఉంటోంది. మొదటిసారి వెళ్లడమే కష్టంగా ఉంది, వెళ్లింది బయటికి తేవడమూ కష్టంగా ఉంది."

మిగతావీ అదే చెప్పాయి. అంకెలు విన్నవి విన్నట్టు ఐదు చెప్పాడు, వెనక నుంచి చెప్పమంటే రెండు దగ్గరే ఆగిపోయాడు. ఒక నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమంటే ఆరు వచ్చాయి. మధ్యలో చెయ్యి ముక్కు దగ్గర పెట్టి ఊపుతూ "తొండం ఉంటుంది కదా, అదీ" అన్నాడు. ఏనుగు వాడి కళ్ల ముందు ఉంది, పేరు నోటికి రాలేదు. కాగితం నిండా ఉన్న అంకెల్లో చెప్పినవాటిని కొట్టేసే పనిలో మొదటి వరుసల్లో ఒక్కటీ తప్పలేదు, చివరికొచ్చేసరికి చాలా వదిలేశాడు. అప్పుడు ఆవిడ వాడి ముఖమే చూస్తూ ఉన్నారు. చూపు చెదిరిందా, ఫిట్స్ వచ్చిందా అని. పేరు పెట్టి పిలవగానే తిరిగితే పరధ్యానం. తిరగకపోతే, ఆ క్షణంలో చెప్పింది తర్వాత గుర్తులేకపోతే అది వేరే సంగతి. వాడు ప్రతిసారీ తిరిగాడు.

మాట దొరకకపోవడం, వెనక నుంచి అంకెలు చెప్పలేకపోవడం టోపిరమేట్‌తో బాగా తెలిసిన ఇబ్బందులని, మోతాదు పెరిగిన నెలలూ మా బడి ఫిర్యాదుల నెలలూ కలుస్తున్నాయని ఆవిడ రిపోర్టులో రాశారు. ధ్యాస నిలవకపోవడంలో మాత్రం మూర్ఛ వ్యాధిదే కొంత పాలు ఉండొచ్చని, మందు మార్చినా అదంతా పోదని కూడా రాశారు. ఆ వాక్యం నాకు నచ్చలేదు. కానీ తర్వాత అదే నిజమైంది.

డాక్టరుగారు టోపిరమేట్ బదులు లామోట్రిజిన్ మొదలుపెట్టారు. ఒంటి మీద దద్దుర్లు ప్రమాదకరంగా మారే అవకాశం ఉన్న మందు కాబట్టి రెండేసి వారాలకి కొంచెం చొప్పున పెంచాలి. రోజూ స్నానం చేయించేటప్పుడు వాడి వీపు, పొట్ట, నోరు చూసేదాన్ని. అది చాలినంత మోతాదుకి వచ్చాకే టోపిరమేట్ తగ్గించడం మొదలైంది. ఆ మధ్యలో ఒకసారి ఫిట్స్ వచ్చింది, నాలుగు నెలల తర్వాత మొదటిసారి. ఆ రాత్రి తప్పు చేశామా అని ఇద్దరం నిద్రపోలేదు. టోపిరమేట్ పూర్తిగా ఆగిన వేసవిలో వాడికి మళ్లీ చెమట పట్టింది. అంతకుముందు ఎండాకాలం ముఖం ఎర్రబడిపోయేది తప్ప చెమట పట్టేది కాదు. అదీ ఆ మందు వల్లేనని అప్పుడే తెలిసింది.

ఎనిమిది నెలల తర్వాత మళ్లీ పరీక్ష. జంతువులు పదమూడు, వాటిలో మొదటిది ఏనుగు. వెనక నుంచి అంకెలు నాలుగు. కొట్టివేసే కాగితంలో చివరి వరుసలు ఇప్పటికీ తప్పాయి. అందుకే బడిలో ముందు బెంచీ, ఒకసారికి ఒకే పని చెప్పడం, హోంవర్కు బోర్డు మీద రాసి చూపించడం కొనసాగుతున్నాయి.

మాటల పరీక్ష మొదలుపెట్టబోతూ మేడమ్ కొత్త జాబితా తీశారు. పాతదే వాడితే వాడికి అలవాటై లేనిపోని ఎక్కువ మార్కులు వస్తాయట. మొదటి మాట చదవగానే వాడు చెయ్యెత్తాడు.

"మేడమ్, పోయినసారి మొదటి మాట తాళం కదా?"

ఆవిడ పాత ఫైలు తిరగేసి చూశారు. తాళమే.